వరస్ట్ కేస్ అంటే అన్నిటినీ 10 శాతం దిగజార్చడమేనా?

కొత్త అనలిస్ట్: మా కంపెనీ లాభాన్ని అంచనా వేసే మోడల్‌లో ధర, అమ్మకాలు, ముడిసరుకు ఖర్చు మూడింటినీ 10 శాతం అటూ ఇటూ జరిపి బెస్ట్, వరస్ట్ కేసులు చూపిస్తున్నాను. ఇది పద్ధతి కాదని మా మేనేజర్ అంటున్నారు. మీరేమంటారు?

అప్పులిచ్చే వైపు: తప్పేముందండి? వరస్ట్‌లో కూడా వాయిదా కట్టగలరా అన్నదే మేం చూస్తాం. మూడూ ఒకేసారి దెబ్బతిన్నా నిలబడితే దేన్నైనా తట్టుకున్నట్టే.

పాత మోడలర్: ఆ చివరి మాట ఒప్పుకోలేనండి. ఒక లెక్క చూడండి. ధర 100, ఒక్కో వస్తువుకి ఖర్చు 60, అమ్మకాలు 1,000, స్థిర ఖర్చు 30,000. లాభం 10,000 వస్తుంది. ధర ఒక్కటే 10 శాతం తగ్గితే లాభం సున్నా. అమ్మకాలు ఒక్కటే 10 శాతం తగ్గితే ఇంకా 6,000 మిగులుతుంది. ముందు ఈ తేడా చూపించాలి, ఏ అంకె మీద కన్నేసి ఉంచాలో చదివేవాళ్లకు అక్కడే తెలుస్తుంది.

మూడూ కలిపి దిగజారిస్తే నష్టం 8,400. కానీ సరుకులో సగం కొనే కస్టమర్ ఒక్కడు వెళ్లిపోతే, ధర, ఖర్చు కదలకపోయినా, నష్టం 10,000. అంటే మీ వరస్ట్ కన్నా ఘోరమైనది బయటే ఉండిపోయింది. 10 అన్న అంకె ఎక్కడి నుంచీ రాలేదు. ధరకు ఏడాది కాంట్రాక్టు ఉంటే అది 2 శాతం కూడా కదలకపోవచ్చు, అమ్మకాలు 30 శాతం ఊగొచ్చు. ముందు ఏం జరిగిందో ఒక వాక్యంలో రాయండి, ఆ తర్వాత దానివల్ల ఏ అంకెలు కదులుతాయో చూడండి. బెస్ట్‌లోనూ అంతే. ధర పెంచి, అమ్మకాలు కూడా పెరుగుతాయంటే ఎందుకో చెప్పగలగాలి.

షీట్లతో కుస్తీ: నాకు వేరే గొడవ. ఎక్సెల్ డేటా టేబుల్‌లో ధర ఎంత మార్చినా పాత ఫలితాలే కనబడ్డాయి. అవే మీటింగ్‌లో చూపించేశాను. ఇప్పటికీ తలుచుకుంటే టెన్షన్.

పాత మోడలర్: Calculation Options చూడండి, డేటా టేబుల్స్‌ను వదిలేసే సెట్టింగ్ ఉండి ఉంటుంది. F9 నొక్కితే లెక్క మారుతుంది. టేబుల్‌లో బేస్ ధర ఎదురుగా వచ్చిన లాభం, మోడల్‌లోని లాభం ఒకటేనా అని ప్రతిసారీ సరిచూసుకోండి.

అప్పులిచ్చే వైపు: కస్టమర్ వెళ్లిపోయే లెక్క నేను ఆలోచించలేదు, నిజమే. కానీ ప్రతి కంపెనీ తనకు నచ్చిన కథ రాసుకొస్తే, రెండు దరఖాస్తుల్ని ఎలా పోల్చాలి? అందరికీ ఒకే 10 శాతం ఉంటేనే మాకు కొలబద్ద దొరుకుతుంది.

పాత మోడలర్: పోల్చడానికి అది ఉంచుకోండి, కానీ ఆ వరసకు వరస్ట్ అని పేరు పెట్టకండి.

కొత్త అనలిస్ట్: మా అమ్మకాల్లో 40 శాతం ఒకే కస్టమర్‌వి. వాళ్లు వెళ్లిపోయే కేసుకు ఎంత అవకాశం ఉందో శాతంలో రాయాలా?

అప్పులిచ్చే వైపు: రాయండి, లేకపోతే ఎంత భయపడాలో మాకెలా తెలుస్తుంది?

పాత మోడలర్: నేనైతే రాయను. ఆధారం లేని 15 శాతం కన్నా ఆ కాంట్రాక్టు ఏ నెలలో ముగుస్తుందో రాస్తే మేలు.