ఫ్రెంచ్‌లో దారి అడగగలుగుతున్నాను, జవాబే అర్థం కావడం లేదు

అందరికీ నమస్కారం. లియాన్ వచ్చి ఐదు రోజులైంది. మొదటి వారానికని నలభై మాటలు రాసుకుని బట్టీ పట్టాను. పలకరింపులు, కొనుగోళ్లు గడిచిపోతున్నాయి. ముందు "బోంజూర్" అన్నాకే ఏదైనా అడగాలని రెండో రోజే తెలిసింది. బేకరీలో "ఉన్ బగెత్, సిల్ వు ప్లే" అంటే చాలు, రొట్టె చేతికొస్తోంది.

చిక్కంతా దారి దగ్గరే. "ఎక్స్‌క్యూజె మ్వా, ఊ ఎ ల మెట్రో?" అని అడుగుతున్నాను. "తిన్నగా" అంటే "తు ద్రువా", "కుడికి" అంటే "ఆ ద్రువాత్". చివరి "త్" ఒక్కటే నన్ను ముంచుతోంది. నిన్న పార్ద్యూ స్టేషన్ దగ్గర ఒకావిడ తిన్నగా వెళ్లమంటే కుడికి తిరిగి, ఇరవై నిమిషాలు తిరిగాను. ఇంకా మెల్లగా చెప్పమని "ప్లు లాంత్‌మా" అంటే మొదటి మాట మెల్లగా చెప్పి, మళ్లీ వేగం అందుకుంటున్నారు. రాత్రిళ్లు ఆ రెండు మాటలూ ఆడియోలో పక్కపక్కనే విన్నాను. గదిలో తేడా తెలుస్తోంది, రోడ్డు మీద చప్పుడులో తెలియడం లేదు.

నాకు అర్థమైంది సరైనదో కాదో అక్కడికక్కడే తేల్చుకోవడానికి, వాళ్లు అవును, కాదు అని మాత్రమే చెప్పేలా, మీరు వాడే చిన్న ఫ్రెంచ్ వాక్యం ఏది?