లాభం 8 లక్షలు, బ్యాంకులో 40 వేలు. మిగతాది యాడికి పోయింది?

మేతషాపు_ఇందుకూరుపేట: అన్నలారా, మాది రొయ్యల మేత షాపు. మార్చి 31కి లెక్కలు తీస్తే నికర లాభం 8 లక్షలని వచ్చింది, బ్యాంకులో మాత్రం 40 వేలే ఉండాది, పోయినేడు ఇదే రోజుకి 3 లక్షల 10 వేలు ఉన్నింది. లాభం వస్తే డబ్బు పెరగాల గానీ తగ్గుద్దా? ఎవురన్నా తినేశారేమోనని మా నాయనకి రాత్రంతా నిద్ర లేదు.

కావలి_బీకాం: వ్యాన్ మీద తరుగుదల వేసుంటారు తమ్ముడూ, డబ్బు అందులో పోయుంటది.

ఒంగోలు_లెక్కలు: తరుగుదల చూడాల్సిందే గానీ దానివల్ల చేతిలోంచి పైసా పోదు, వ్యాన్ డబ్బు కొన్నరోజే పోయింది. అందుకే దాన్ని లాభానికి తిరిగి కలపాల. తమ్ముడూ, రెండేళ్ళ బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టుకోని ఏది ఎంత మారిందో చెప్పు.

మేతషాపు_ఇందుకూరుపేట: తరుగుదల 1.20 లక్షలు. రైతుల దగ్గర బాకీ 14 లక్షలు పెరిగింది, పట్టుబడి అయ్యాకే ఇస్తారు గదా. గోడౌన్లో మేత 2.50 లక్షలు ఎక్కువుంది. కంపెనీకి మేం ఇవ్వాల్సింది 7.60 లక్షలు పెరిగింది. వ్యాన్ లోను కిస్తీలు 2.40 లక్షలు కట్టాం, ఇంటికి 1.20 లక్షలు వాడుకున్నాం.

ఒంగోలు_లెక్కలు: 8కి తరుగుదల కలిపితే 9.20. బాకీ పెరిగిన 14 తీసెయ్, అమ్మిన రోజే లాభంలో ఎక్కేసింది గానీ డబ్బు ఇంకా చెరువులోనే ఉండాది. మేత స్టాకు 2.50 కూడా తీసెయ్. కంపెనీకి ఇంకా కట్టని 7.60 కలుపు, అది నీ దగ్గరే ఆగిన డబ్బు. మిగిలేది 30 వేలు, యాపారం ఏడాదంతా తెచ్చిన నగదు అంతే.

మేతషాపు_ఇందుకూరుపేట: అందులోంచి కిస్తీలు, ఇంటి వాడకం తీస్తే 3.30 లక్షలు తగ్గాల, బ్యాంకులో తగ్గింది 2.70 లక్షలే. 60 వేలు తేడా వస్తోంది అన్నా.

ఒంగోలు_లెక్కలు: కిస్తీలో వడ్డీ ఎంతో చూడు. వడ్డీని లాభం తేల్చేటప్పుడే ఖర్చు రాసేశారు, మళ్ళీ తీస్తే రెండుసార్లు తీసినట్టు. కింద అసలు మాత్రమే తీయాల.

మేతషాపు_ఇందుకూరుపేట: కరెక్టుగా 60 వేలే వడ్డీ!! అసలు 1.80. సరిపోయిందన్నా, ఎవురూ తినలేదు, ఇప్పుడే నాయనకి చూపిస్తా.

చీమకుర్తి_రాయి: మాది తిరగబడ్డ కథ, గ్రానైట్ బ్లాకులకి పార్టీ అడ్వాన్స్ వేశాడు, బ్యాంకు నిండా డబ్బు ఉండాది గానీ సరుకు పంపలా, లాభం సున్నా. ఆ డబ్బు చూసి మిషన్ కొనేద్దామని మా తమ్ముడు ఒకటే గోల.

ఒంగోలు_లెక్కలు: సరుకు పంపేదాకా అది ఇవ్వాల్సిన బాకీనే అన్నా, డీజిలు, కూలీలకి దాంట్లోంచే పోవాల. ఆపండి ఆయన్ని.

కావలి_బీకాం: సరే, నాది సగమే కరెక్ట్. మరి వైట్ స్పాట్ వచ్చి పంట పోయిన రైతుల బాకీ 3 లక్షలు ఇంక రాదని కొట్టేస్తే నగదు ఇంకా తగ్గుద్దా?

ఒంగోలు_లెక్కలు: తగ్గదు. లాభం 5 లక్షలకి పడుద్ది, బాకీ పెరుగుదల కూడా 11కి పడుద్ది, కింద మళ్ళీ అదే 30 వేలు. ఆ 8 లక్షలు ఎంతవరకు నిజమో తేలేది అక్కడే.

మేతషాపు_ఇందుకూరుపేట: అట్టాంటోళ్ళు మాకు ఇద్దరున్నారన్నా. వచ్చే పంటకి ఇస్తామంటున్నారు, కొట్టేయాలో ఆగాలో నాయన తేల్చుకోలేకపోతుండాడు.