అపెర్చర్, బొకె: రెండూ ఒకటేనా?

నీలిసిరా: ఒక ఫోటోగ్రఫీ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. "అపెర్చర్ పెంచితే బొకే వస్తుంది" అని ఒకచోట ఉంది. రెండింటికీ "మసక" అనే రాయొచ్చా? బొకే అంటే అసలేమిటి?

మల్లెతీగ: పెళ్లిలో చేతికిచ్చే పూలగుత్తేగా? ఫోటో తీసేటప్పుడు పట్టుకుంటారు కూడా.

టోక్యోతెలుగు: ఆ బొకే ఫ్రెంచివాళ్లది, ఇది జపాన్ మాట. చివర దీర్ఘం లేదు, "బొకె" అంటే సరిపోతుంది. అర్థం మసక, అలుక్కుపోవడం. ఇక్కడ ఫోకస్ తప్పిన ఫోటోని పిన్‌బొకె అంటారు. విమాన ప్రయాణం తర్వాత నిద్రవేళలు తారుమారై బుర్ర మొద్దుబారితే జిసాబొకె. ఇంగ్లీషులో చివర h ఎందుకుందంటే, 1997లో ఫోటో టెక్నిక్స్ పత్రిక సంపాదకుడు మైక్ జాన్‌స్టన్ దీనిమీద వ్యాసాలు వేస్తూ, జనం "బోక్" అని చదవకుండా తగిలించాడు. మనకి హ్రస్వ ఎకారం ఉంది, ఆ తిప్పలు లేవు.

వన్‌పాయింట్‌ఎయిట్: సింపుల్‌గా చెప్తాను. అపెర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు దూరే కంత. f పక్కనుండే నంబర్ చిన్నదైతే కంత పెద్దది. f/1.8 పెడితే బొకె బాగుంటుంది, f/8 పెడితే ఉండదు. అంతే.

పాతస్టూడియో: తమ్ముడూ, సగం నిజం. నువ్వు చెప్పింది మసక ఎంత అన్నది. బొకె అంటే ఆ మసక ఎలా ఉంది అన్నది. ముందు "ఎంత" సంగతి చూద్దాం. 50 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్‌ని f/1.8లో పెడితే కంత వెడల్పు 50ని 1.8తో భాగిస్తే వచ్చేది, సుమారు 28 మిల్లీమీటర్లు. పది రూపాయల బిళ్లంత. f/8లో 6 మిల్లీమీటర్లే. బాగా వెనక, దూరంగా ఉన్న దీపం ఫోటోలో గుండ్రంగా ఉబ్బుతుంది కదా, నువ్వు ఫోకస్ చేసిన పెళ్లికూతురి మొహం పక్కన పెట్టి కొలిస్తే ఆ గుండ్రం సరిగ్గా ఈ కంతంత ఉంటుంది. f/1.8లో ఆమె బొట్టు పక్కన పది రూపాయల బిళ్లంత వెలుగన్నమాట.

వన్‌పాయింట్‌ఎయిట్: మరి మొన్న మా అక్క నిశ్చితార్థంలో f/1.8లోనే తీశాను. వెనక సీరియల్ లైట్లు చుక్కల్లాగే వచ్చాయి. లెన్స్ పాడైందేమోనని టెన్షన్.

పాతస్టూడియో: ఆమెకీ లైట్లకీ మధ్య ఎంత దూరం?

వన్‌పాయింట్‌ఎయిట్: స్టేజి గోడకి ఆనుకున్నట్టే. అర మీటరు. నేను రెండు మీటర్ల దూరంలో ఉన్నాను.

పాతస్టూడియో: అదే కారణం. వెనక దూరాన్ని నీకూ లైట్లకీ మధ్య మొత్తం దూరంతో భాగించు: అరని రెండున్నరతో, అంటే ఐదో వంతు. 28లో ఐదో వంతు ఐదున్నర మిల్లీమీటర్లు. లెన్స్ బాగానే ఉంది. అక్కని లైట్లకి ఆరు మీటర్ల దూరానికి రమ్మని, నువ్వూ ఆమెకి రెండు మీటర్ల దూరంలోనే ఉండేలా వెనక్కి జరిగి ఉంటే, ఎనిమిదిలో ఆరు వంతులు, 21 మిల్లీమీటర్లు వచ్చేవి. నంబర్ మార్చక్కర్లేదు, మనిషిని జరిపితే చాలు.

మల్లెతీగ: నా ఫోన్‌లోనూ f/1.8 అనే రాసుంది. పోర్ట్రెయిట్‌లో పెడితే జడలో పూలు సగం మాయం.

పాతస్టూడియో: ఫోన్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ చాలా చిన్నదమ్మా. ఐదారు మిల్లీమీటర్లే అనుకుంటే, 1.8తో భాగిస్తే కంత సుమారు మూడు మిల్లీమీటర్లే. అందుకే మసకని సాఫ్ట్‌వేర్ పూస్తుంది. మనిషి అంచు ఎక్కడో అది ఊహించుకోవాలి. జుట్టు దగ్గర, పూల దగ్గర తప్పుతుంది.

నీలిసిరా: "ఎలా ఉంది" అన్నది మిగిలిపోయింది.

పాతస్టూడియో: వెనకున్న దీపాన్నే చూడండి. ఆ వెలుగు వృత్తం అంతా సమానంగా ఉండి అంచు మెల్లగా కరిగిపోతే మెత్తని బొకె. అంచున గాజు గీత గీసినట్టు మెరిస్తే గరుకు. అలాంటి లెన్స్‌తో కొబ్బరాకుల ముందు మనిషిని తీస్తే, ఒక్కో ఈనె రెండు గీతలై కళ్లు లాగేస్తుంది. కంత ఒకటే, మసకా అంతే, కానీ లెన్స్‌లో గాజు అమరిక వేరు.

టోక్యోతెలుగు: దాన్నే ఇక్కడ నిసెన్‌బొకె అంటారు, రెండు గీతల మసక.

వన్‌పాయింట్‌ఎయిట్: నాది f/4కి దించితే దీపాలు పంచకోణాలవుతాయి. అదీ బొకేనా?

పాతస్టూడియో: అదీ బొకెనే. నీ లెన్స్‌లో కంతని చిన్నది చేసే బ్లేడ్లు ఐదు ఉన్నట్టుంది. నాకు నచ్చదు. కొందరు కావాలని అలా తీస్తారు.

నీలిసిరా: అయితే వాక్యం తిరగరాస్తాను: "అపెర్చర్ వెడల్పు చేస్తే వెనక మసక పెరుగుతుంది." బొకెని బొకె అనే ఉంచుతా. అపెర్చర్‌కి "ద్వారం" పెట్టనా?

మల్లెతీగ: ద్వారం అంటే గుమ్మం గుర్తొస్తుంది. "కంటిపాప" అనండి, వెలుగుని బట్టి అదీ పెద్దదీ చిన్నదీ అవుతుంది.

పాతస్టూడియో: మేం స్టూడియోలో అపెర్చర్ అనే అన్నాం, ముప్పై ఏళ్లూ. "కంటిపాప f/8లో పెట్టు" అంటే మా కుర్రాడు నవ్వుతాడు.

టోక్యోతెలుగు: నా ఓటు కంతకే.