నాన్న వీలునామా రాయలేదు, ఇప్పుడు ఇల్లు అమ్మాలంటే బాబాయి, మేనత్త సంతకాలు అడుగుతున్నారు

అడిగినవారు: బ్రాడీపేట కుర్రాడు

నాన్నగారు 2019లో హఠాత్తుగా పోయారు. వీలునామా లేదు. 2004లో ఆయన జీతం డబ్బుతో గుంటూరులో కొన్న 180 గజాల స్థలం, అందులో ఇల్లు ఉన్నాయి. పత్రం నాన్న ఒక్కరి పేరు మీదే ఉంది. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో అమ్మ, నేను, చెల్లి ముగ్గురమే ఉన్నాం. నానమ్మ అప్పటికి బాబాయి దగ్గర ఉండేది కాబట్టి ఆమె పేరు రాయించాలని ఎవరికీ తోచలేదు. ఆమె 2022లో కాలం చేసింది. తాతయ్య అంతకు చాలా ముందే పోయారు.

ఇప్పుడు అమ్మకం కుదిరింది, అడ్వాన్సు కూడా తీసుకున్నాం. కొనేవాళ్లకు అప్పిచ్చే బ్యాంకు వకీలు కాగితాలు చూసి, బాబాయి, మేనత్త కూడా సంతకాలు చేస్తే తప్ప కుదరదన్నారు. ఆ ఇంటికి వాళ్లు ఒక్క రూపాయి పెట్టలేదు. ఇదెక్కడి న్యాయం?

కరివేపాకు

కంగారు పడకండి. భర్త ఆస్తి భార్యాబిడ్డలదే. మీ నానమ్మగారికి వాటా ఉందనుకున్నా, కొడుకు నుంచి వచ్చింది కాబట్టి ఆమె తర్వాత ఆ కొడుకు పిల్లలకే తిరిగి వస్తుంది. ఆడవారి ఆస్తి ఎటు నుంచి వచ్చిందో అటే పోతుందని చట్టంలోనే ఉంది. మా పిన్ని విషయంలో అలాగే జరిగింది.

పాత దస్తావేజు (ముప్పై ఏళ్లు సివిల్ కోర్టుల్లో తిరిగినవాణ్ని)

కరివేపాకు గారు చెప్పిన సూత్రం ఉన్నమాట నిజమే, కానీ ఈ ఇంటికి అది వర్తించదు. అమ్మానాన్నల నుంచి వచ్చిన ఆస్తి పుట్టింటివైపు, భర్త లేదా మామగారి నుంచి వచ్చింది భర్తవైపు వెళ్లడం అన్నది ఆమెకు పిల్లలు గానీ, ముందే పోయిన పిల్లల సంతానం గానీ లేనప్పటి మాట. మీ పిన్నిగారికి పిల్లలు లేరనుకుంటాను. కొడుకు నుంచి వచ్చిన ఆస్తి సంగతి ఆ సూత్రంలో అసలు లేనే లేదు.

ఇక కుర్రాడి ఇల్లు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్య, కొడుకు, కూతురుతో పాటు కన్నతల్లి కూడా ఆ తరగతిలోనే, వాళ్లతో సమానంగా ఉంటుంది. (తండ్రి మాత్రం రెండో తరగతిలో ఉంటాడు. ఇది విని నమ్మని కక్షిదారులను చాలామందిని చూశాను.) కాబట్టి 2019లో నాన్నగారి ప్రాణం పోయిన క్షణానే నలుగురికీ తలా 45 గజాలు సంక్రమించాయి. నానమ్మ అడగలేదు, పత్రంలో పేరు లేదు, ఆ ఇంట్లో ఉండలేదు. వీటిలో ఏదీ ఆమె హక్కును తీసేయదు. తహసీల్దారు పత్రం బంధుత్వం చెప్పేదే తప్ప వాటాలు తేల్చేది కాదు.

2022లో ఆమె పోయారు. ఆ 45 గజాలు ఈసారి మీ నాన్నగారి ఆస్తిగా కాదు, ఆమె సొంత ఆస్తిగా పంపకానికి వచ్చాయి. ఆమె సంతానం ముగ్గురు: మీ నాన్న, బాబాయి, మేనత్త. తలా 15 గజాలు. మీ నాన్నగారు ముందే పోయారు కనుక ఆయన 15 గజాలు మీకూ మీ చెల్లికీ చెరి ఏడున్నర. అందులో మీ అమ్మగారికి ఏమీ రాదు, అత్తగారి ఆస్తికి కోడలు ఈ వరసలో వారసురాలు కాదు. లెక్క తేలితే అమ్మకు 45, మీకు 52.5, చెల్లికి 52.5, బాబాయికి 15, మేనత్తకు 15. వకీలు అడిగింది సరైనదే.

తులసికోట

అయ్యా, నాదీ ఇలాంటిదే. మా వారి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు నామినీని నేనే. అయినా అత్తగారు అందులో భాగం కావాలంటున్నారు. నామినీ అంటే డబ్బు నాదే కదా?

పాత దస్తావేజు

కాదమ్మా. నామినీ చేతికి బ్యాంకు డబ్బిచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది, అంతే. ఆ డబ్బు వారసులందరిదీ. అత్తగారు తల్లి కాబట్టి ఆమెకూ వాటా ఉంది. వీలునామా ఏదైనా ఉంటే లెక్క వేరు. దీన్ని విడిగా అడగండి, ఇక్కడ కలిస్తే ఇద్దరి సంగతీ గందరగోళమవుతుంది.

బ్రాడీపేట కుర్రాడు

లెక్క అర్థమైంది, మింగుడుపడటం లేదు. మేనత్త హక్కు విడుదల దస్తావేజు రాసిస్తానంది. బాబాయి మాత్రం, నానమ్మ తనకు వీలునామా రాసిందని, అంతా తనదేనని అంటున్నాడు. అది తెల్ల కాగితం, రిజిస్టరు కాలేదు. స్టాంపు కాగితం కాదు కాబట్టి చెల్లదు కదా?

కరివేపాకు

చెల్లదు. రిజిస్ట్రేషన్ లేనిదే ఎలా చెల్లుతుంది?

పాత దస్తావేజు

చెల్లుతుంది. వీలునామాకు స్టాంపూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. ఇద్దరు సాక్షులు ఆమె వేలిముద్ర వేస్తుండగా చూసి గానీ, తానే వేశానని ఆమె నోట విని గానీ, ఆమె ఎదుటే సంతకాలు పెట్టి ఉండాలి. తగువు కోర్టుకెక్కితే, ఆ సాక్షుల్లో బతికున్నవాళ్లలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. అది నిలబడితే పంపకం పూర్తిగా మారుతుంది: ఆ 45 గజాలూ బాబాయివే, మేనత్తకు సున్నా, మీ ఇద్దరి ఏడున్నరలూ పోతాయి. మిగిలిన 135 గజాలకు మాత్రం ఆ కాగితంతో సంబంధం లేదు, తనది కానిది ఆమె రాయలేదు. కాగితంలో సరిగ్గా ఏం రాశారు?

బ్రాడీపేట కుర్రాడు

బాబాయి ఫోనులో ఫోటో చూపించాడు. నాలుగు వాక్యాలు, చేతిరాత పిన్నిది. “నాకు గల సమస్త ఆస్తి” అని ఉంది, ఇంటి ప్రస్తావన లేదు. సాక్షుల్లో ఒకరు పిన్ని తమ్ముడు, రెండోవారెవరో తెలియదు. తన పేరు రాసుకోవడం వచ్చిన నానమ్మది వేలిముద్ర ఉంది.

నల్లకోటు

ఇంట్లో తనకు వాటా ఉందని ఆమెకే తెలియనప్పుడు “సమస్త ఆస్తి”లోకి అది రాదని నేను వాదిస్తాను.

పాత దస్తావేజు

నేను ఒప్పుకోను. సమస్తం అంటే తెలిసినదీ తెలియనిదీ కూడా. నాకు అనుమానం కాగితం పుట్టుక మీదే. లబ్ధి పొందేవాడి భార్యే రాసింది, సాక్షి ఆమె తమ్ముడు, సంతకం వచ్చిన మనిషి వేలిముద్ర వేసింది. ఇలాంటివి ఉన్నప్పుడు అనుమానం తీర్చాల్సిన భారం వీలునామా చూపించేవాడిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. అంతమాత్రాన అది దొంగదని కాదు, చెయ్యి వణికే ముసలివాళ్లు వేలిముద్ర వేస్తారు. కాగితం మీద తేదీ ఎప్పటిది? అప్పుడు ఆమె ఎలా ఉన్నారు? ఇవి తేలేదాకా మేనత్తగారి విడుదల దస్తావేజు ఒక్కటే తీసుకుని అమ్మకానికి దిగకండి. బాబాయితో ఒప్పందం కుదిరితే ఆయన్ను అమ్మకం దస్తావేజులో మీతో పాటు అమ్మేవాడిగా సంతకం పెట్టించి, ఆయన వాటా సొమ్ము అందులోనే రాయించండి.

బ్రాడీపేట కుర్రాడు

తేదీ 2021 ఆగస్టు అని ఉంది. మేనత్తను అడిగాను. ఆ నెల నానమ్మకు పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉందట, కుడి చెయ్యి లేవలేదట. మాట పోయిందా లేదా అన్నది మాత్రం ఆవిడకు గుర్తులేదు. ఆస్పత్రి కాగితాలు బాబాయి బీరువాలో ఉన్నాయట.