లక్ష చీటీ, 70 వేలకు పాట: అసలు వడ్డీ ఎంత పడింది?

కావలి కిరాణా: మా నాన్నది కావలిలో కిరాణా కొట్టు. పండక్కి సరుకు దింపాలని 4వ నెలలో లక్ష చీటీని 30 వేలు తగ్గించి పాడాడు. 70 వేలు వచ్చాయి. 20 మంది, 20 నెలలు, కమీషన్ 5 శాతం. మొదటి చీటీ నడిపే ఆయనదే కాబట్టి ఆ నెల పూర్తి 5,000. డివిడెండ్ పోను 6వ నెల దాకా 3,750, 12 దాకా 4,250, 19 దాకా 4,750, ఆఖరి నెల 5,000. మొత్తం 87,500 కట్టాడు. "పోయింది 17,500. 70 వేల మీద 20 నెలలకు రూపాయి పావలా వడ్డీ" అంటాడు నాన్న. బీకాం చదివే మా చెల్లి మాత్రం "మూడున్నర పైనే పడింది నాన్నా" అని పట్టుబట్టింది. ఎవరిది రైటు?

ఒంగోలు రమణ: మూడున్నర మరీ ఎక్కువ. పాట నాటికి నాన్నగారు కట్టిన 16,250 తీసేస్తే అప్పు 53,750. మిగతా 16 నెలలకు 17,500 అంటే రెండు రూపాయలు.

పాత లెక్కల మాస్టారు: రమణ గారూ, సగం దారి వచ్చి ఆగారు. ఆ 53,750 మొత్తం 16 నెలలూ ఆయన దగ్గర లేదు కదా. 5వ నెల నుంచే తిరిగి కడుతున్నారు. సగటు బాకీ 30 వేల చిల్లరే. దాని మీద 17,500 అంటే నెలకు 3.6 శాతం. అమ్మాయి లెక్కే సరి. ఎక్సెల్ B కాలమ్‌లో కట్టినవి మైనస్‌లో, 4వ నెలలో ఆ నెల వాయిదా పోను 66,250 ప్లస్‌లో వేసి చూడండి:

```
=IRR(B1:B20, 0.03)
```

కావలి కిరాణా: చివరి అంకె 1 అని పెడితే నెలకు దాదాపు 100 శాతం వచ్చిందట. చెల్లికి టెన్షన్ పట్టుకుంది.

పాత లెక్కల మాస్టారు: ముందు కట్టి, మధ్యలో తీసుకుని, మళ్లీ కడితే ఇలా రెండు రేట్లు తేలవచ్చు. ఏది అబద్ధమో తేలిగ్గానే తెలుస్తుంది. 100 శాతమైతే మొదటి నెల 5,000 నాలుగో నెలకే 40,000 అయినట్టు. అది వదిలేయమనండి.

ఉదయగిరి పద్మ: మాదీ ఇలాంటి చీటీయే, నేను 20వ నెలలో ఎత్తుకుంటాను, 95 వేలు ఇస్తారు. నాకూ మూడున్నర వడ్డీ వచ్చినట్టేనా?

పాత లెక్కల మాస్టారు: లేదమ్మా, అది పాడినవాళ్లకు పడే వడ్డీ. మీ వాయిదాలూ ఇవే అయితే 87,500 కట్టి 7,500 మిగుల్చుకుంటారు. వందకు నెలకు 89 పైసలు. ఏడాదికి 11 శాతం దాకా. చీటీ రిజిస్టర్ అయిందో లేదో ముందు చూసుకోండి. నడిపే మనిషి మధ్యలో ఎత్తేస్తే ఎక్కువ పోయేది ఆఖరివాళ్లకే.

ఒంగోలు రమణ: మూడు రూపాయల ఆరు పైసలైనా సరే, అడిగిన రోజున 70 వేలు ఎవరిస్తారండీ?

పాత లెక్కల మాస్టారు: ఆరు పైసలు కాదు, అరవై పైసలు. ఇక ఎవరిస్తారంటారా, సరుకులో మిగిలేదాన్ని బట్టి చూసుకోవాలి.

కావలి కిరాణా: అదే గొడవ నడుస్తోంది ఇంట్లో. చెల్లి పండగ సరుకు బిల్లులు అడుగుతోంది, నాన్న ఇంకా ఇవ్వలేదు.