మహలా 9 అని ఉంది, నానక్ పాటంటున్నారు. ఏది నమ్మాలి?

పాటలపిచ్చి: మూడు గంటలుగా దీంతోనే సరిపోయింది. "గగన్ మై థాల్" నేర్చుకుంటున్నా. పైన "రాగు ధనాసరీ మహలా 9" అని ఉంది. సిక్కుల తొమ్మిదో గురువంటే తేగ్ బహాదూర్ కదా? నేర్పే ఆవిడేమో గురునానక్‌దే అంటున్నారు. పరిచయం చదవాల్సింది నేనే. ఎవరి పేరు చెప్పను?

సందేహంలేదు: చివర్లో "నానక్" అని వస్తుందిగా, ఆయనదే. అన్నమయ్యకి వేంకటేశ ముద్ర ఉన్నట్టే.

వీణమాస్టారు: ముందు రాగం సంగతి చూసుకోండి. ధనాసరీని మన ధన్యాసి అనుకుని పాడేస్తారు. ఎక్కేటప్పుడు రెండూ స గ మ ప ని స, తేడా తెలీదు. దిగేటప్పుడు బయటపడుతుంది. ధన్యాసి తోడి పిల్ల. ధనాసరీలో రి, ధ చతుశ్రుతివి, మన ఖరహరప్రియలోలా.

పాటలపిచ్చి: మాస్టారూ, నా ప్రశ్న అది కాదండీ.

పాతకాపు: ఫోటో పెట్టండి.

పాటలపిచ్చి: పెట్టాను. గురుముఖి పుస్తకం. అక్షరాలు పక్కవాళ్లు చదివిపెట్టారు, అంకె నేనే చూసుకున్నా.

పాతకాపు: అదీ సంగతి. అది 9 కాదు, గురుముఖి ఒకటి. పైన చుట్ట, కింద తోక. ఇక్ ఓంకార్ మొదట్లో ఉండేదీ అదే, పక్కన పెట్టి చూడండి. చదివేటప్పుడు "మహలా ఏక్" అనకండి, "మహలా పహిలా" అనాలి. గురుగ్రంథ్ సాహిబ్ 14వ పేజీలో శ్రీరాగం మొదలయ్యేచోట "పహిలా" అని అక్షరాల్లో రాసి మరీ పక్కన 1 వేశారు.

ముద్ర మాట ఇక్కడ కలిసొచ్చిందంతే. ఆ గ్రంథంలో పాటలున్న గురువులందరూ నానక్ అనే సంతకం చేశారు. మీ పాట ఉన్న సోహిలానే, అంటే రాత్రి పడుకునేముందు చదివే ప్రార్థననే తీసుకోండి, అందులో ఐదు పాటలు. మొదటి మూడు మహలా 1, నాలుగోది 4, ఐదోది 5. ఐదింట్లోనూ నానకే. అంకె లేకపోతే ఎవరిదో చెప్పలేం.

సందేహంలేదు: సరే, ఒప్పుకున్నా. మహలా అంటే మన పాతబస్తీ మొహల్లానేనా?

పాతకాపు: కాదు. శరీరం అని కొందరు, స్త్రీ అని కొందరు అర్థం చెబుతారు. వాడుకలో మాత్రం ఫలానా గురువు అనే.

కబీర్‌దాసి: నా దగ్గరున్న సోరఠ్ పాటలో మహలానే లేదు. "బాణీ భగత్ కబీర్ జీ కీ ఘరు 1" అని ఉంది. అచ్చుతప్పా?

పాతకాపు: తప్పు కాదు. కబీర్ గురువు కాదు కాబట్టి అంకె బదులు పేరే వేస్తారు.

వీణమాస్టారు: ఘరు అంటే తాళం. ఆ 1 చూసి ఠేకా ఎంచుకోవాలి.

పాతకాపు: ఏ అంకెకి ఏ తాళమో చెప్పండి చూద్దాం. స్వరస్థానమనే రాగీలూ ఉన్నారు.

వీణమాస్టారు: మా గురువుగారు తాళమనే చెప్పారు.

పాటలపిచ్చి: నా శీర్షికలో ఘరు లేదు, బతికిపోయా. ఫ్లెక్సీ మీద తేగ్ బహాదూర్ పేరు వేయించేశాం, స్టిక్కర్ అంటించాలి. థాంక్సండీ.