పన్నెండు నెలల షార్ప్ చూసి క్రిప్టో ట్రేడర్‌ని ఎంచుకోవచ్చా?

కొత్త_ఖాతా: ఇద్దరు స్నేహితులు ఏడాదిగా క్రిప్టో ట్రేడింగ్ చేస్తున్నారు, నెలవారీ ఫలితాలు పంపారు. మొదటివాడు, ధర పెద్దగా కదలకపోతే ప్రీమియం తనకే మిగిలేలా, బిట్‌కాయిన్ ఆప్షన్లు అమ్ముతాడు: ఒక నెల 2 శాతం, తర్వాతి నెల 4 శాతం, ఇలా పన్నెండు నెలలూ లాభమే. రెండోవాడు ట్రెండ్ పట్టుకుంటాడు: −4, −3, 2, −5, 30, −2, −3, 6, −4, 1, −3, 9. ఒడిదుడుకులతో పోలిస్తే లాభం ఎంతో చెప్పే ఏడాది షార్ప్ రేషియో మొదటివాడికి దాదాపు 10, రెండోవాడికి 0.7 వచ్చింది. నా లక్ష మొదటివాడికే ఇవ్వాలి కదా?

ప్రీమియం_వేట: ఇందులో ఆలోచించడానికి ఏముంది? రెండోవాడు పన్నెండులో ఏడు నెలలు నష్టపోయాడు. ఆ 30 శాతం నెల తీసేస్తే మొత్తం మైనస్‌లో ఉంటాడు. నేను ఐదేళ్లకు పైగా ఆప్షన్లు అమ్ముతున్నాను. నెలనెలా వచ్చే ప్రీమియం ఉన్నచోట షార్ప్ ఎక్కువగానే ఉంటుంది, ఉండాలి కూడా.

సిరి_లెక్కలు: షార్ప్ ఇక్కడ అన్యాయం చేస్తోంది. రెండోవాడికి 30 శాతం లాభం వచ్చిన నెలని కూడా అది ఒడిదుడుకుల కింద లెక్కేసి శిక్షిస్తుంది. పైకి ఎగరడం రిస్క్ ఎలా అవుతుంది? సోర్టినో వాడండి, అది కిందికి పడిన నెలల్నే చూస్తుంది. నేను వేస్తే రెండోవాడికి 1.95 వచ్చింది.

ప్రీమియం_వేట: సరే సిరి గారూ, అదే సోర్టినో మొదటివాడికి వేసి చూపించండి.

సిరి_లెక్కలు: నష్టం నెల ఒక్కటీ లేదు కాబట్టి సున్నాతో భాగించాల్సి వస్తోంది. షీట్‌లో #DIV/0! అని చూపిస్తోంది.

ప్రీమియం_వేట: అంటే రిస్క్ సున్నా. నేను చెప్పిందీ అదే.

మూర్తి_బందరు: రిస్క్ సున్నా అని కాదండీ, రిస్క్ ఎంతో ఈ పన్నెండు అంకెలు చెప్పలేవని. ఆ లెక్కకి వెళ్లేముందు ఒక సవరణ. సిరి గారూ, 1.95 అంటే మీరు నష్టాల వర్గాల మొత్తాన్ని ఏడుతో భాగించారు. మొత్తం నెలల సంఖ్యతో, అంటే పన్నెండుతో భాగించాలి. అప్పుడు 2.56 వస్తుంది.

```
=AVERAGE(B2:B13)/SQRT(SUMPRODUCT((B2:B13<0)*B2:B13^2)/COUNT(B2:B13))*SQRT(12)
```

సిరి_లెక్కలు: నష్టం వచ్చిన నెలల సగటు తీస్తున్నప్పుడు ఆ నెలల సంఖ్యతోనే కదా భాగించాలి? లాభం నెలలు అందులోకి ఎందుకు రావాలి?

మూర్తి_బందరు: ఏడాదిలో ఒక్క నెలే 5 శాతం పోయినవాడినీ, పన్నెండు నెలలూ తలా 5 శాతం పోయినవాడినీ తీసుకోండి. మీ పద్ధతిలో ఇద్దరికీ కింది రిస్క్ సరిగ్గా ఒకటే, 5 శాతం. నష్టం ఎంత తరచుగా వస్తుందన్నది లెక్కలోంచి జారిపోతుంది.

సిరి_లెక్కలు: ఆ ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ నా పాత పోలికలన్నీ ఒకే పద్ధతిలో వేశాను కాబట్టి వాటి వరుస మారదనుకుంటున్నా.

మూర్తి_బందరు: మారుతుంది. నష్టం నెలల సంఖ్య ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కదా.

ఎర్రకొవ్వొత్తి: మీరంతా ఏడా పన్నెండా అని కొట్టుకుంటున్నారు. మా కాలనీలో ఒకాయన పద్నాలుగు నెలలు వరసగా లాభం షీట్ చూపించాడు, చూసి మూడు లక్షలు ఇచ్చాను. లివరేజ్‌తో ఆల్ట్‌కాయిన్లు నడిపేవాడని తర్వాత తెలిసింది. 2021 మే 19న బిట్‌కాయిన్ ఒక్క రోజులో 43 వేల డాలర్ల నుంచి 30 వేల దాకా జారింది చూడండి, ఆ రాత్రే అంతా పోయింది. ఇప్పటికీ ఇంట్లో ఆ మాట ఎత్తితే తలెత్తలేను.

పన్ను_మర్చిపోకు: ఏ రేషియో అయినా 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్ తీశాక చూడండి.

మూర్తి_బందరు: ఎర్రకొవ్వొత్తి గారు చెప్పిందే అసలు విషయం. మొదటివాడి పన్నెండు నెలలకి పదమూడోది చేర్చి, అందులో −30 వేయండి. నెల సగటు ఇంకా 0.46 శాతం లాభమే చూపిస్తుంది, ఏడాది షార్ప్ 10 నుంచి 0.17కి పడిపోతుంది. ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. లక్ష పన్నెండు నెలల్లో సుమారు 1,42,500 అయింది. అందులో 30 శాతం పోతే మిగిలేది 99,750. అంటే చేతిలో నష్టం, షార్ప్‌లో మాత్రం ఇంకా ప్లస్. కూడికల సగటుకి చక్రవడ్డీ నష్టం కనపడదు.

ఇంకోటి, రెండోవాడి 0.7ని కూడా నమ్మకండి. పన్నెండు నెలల మీద కట్టిన షార్ప్ అటూ ఇటూ ఒకటి దాకా తప్పడం మామూలే, అదీ ఫలితాలు గంట ఆకారంలో పద్ధతిగా పరుచుకుంటాయి అనుకుంటేనే. క్రిప్టోలో అలా ఉండవు. కాబట్టి అతని అసలు విలువ సున్నా కావచ్చు, ఒకటిన్నరా కావచ్చు.

ప్రీమియం_వేట: ఊహించిన −30 వేసి ఎవరినైనా పడగొట్టొచ్చు. రాని నష్టాన్ని ఫలితాల్లో ఎలా కలుపుతారు? మీకు ఎప్పుడైనా రాత్రి రెండింటికి పొజిషన్ కాపాడుకున్న అనుభవం ఉందా?

మూర్తి_బందరు: ఊహ కాదు. 2020 మార్చి మొదట్లో బిట్‌కాయిన్ ఎనిమిదిన్నర వేల డాలర్ల చుట్టూ ఉంది, నెలాఖరుకి ఆరువేల నాలుగొందలు. నెలవారీ షీట్‌లో అది −25 శాతం. కానీ 13వ తేదీన కొన్ని ఎక్స్ఛేంజీల్లో నాలుగు వేల కిందికి పోయి వచ్చింది. అక్కడ రెండింతల లివరేజ్‌తో నెల మొదట్లో కొని కూర్చున్నవాడు నెలాఖరు ధర చూస్తే సగం మిగిలినట్టు, నిజానికి ఖాతాయే లేదు. నెలాఖరు అంకెల్లో నెల మధ్యలో జరిగింది దాక్కుంటుంది. మీ షీట్ ఏ నెల నుంచి మొదలైంది?

ప్రీమియం_వేట: 2020 జూన్.

ఎర్రకొవ్వొత్తి: మరి పైన ఐదేళ్లకు పైగా అన్నారు, సరే. జూన్‌కి ముందు చేయలేదా?

ప్రీమియం_వేట: చేశాను. ఆ మార్చిలో నా పాత ఖాతా లిక్విడేట్ అయింది. కొత్తది తెరిచాక రాస్తున్న షీట్ ఇది. దాచలేదు, అది నా పద్ధతి తప్పు కాదు. ఆ రోజు ఎక్స్ఛేంజీ తెర పనిచేయలేదు, మార్జిన్ వేయలేకపోయాను. ఇప్పుడు మార్జిన్‌లో నాలుగో వంతే వాడతాను, ధర బాగా పడితే నష్టాన్ని కాచే దూరపు స్ట్రైక్ పుట్‌లు కొని పెడతాను. అప్పటి మనిషి ఫలితాన్ని ఇప్పటి మనిషికి అంటగట్టడం న్యాయమా?

మూర్తి_బందరు: పుట్‌లు కొంటే పద్ధతి నిజంగా మారింది, అది ఒప్పుకోవాలి. ఆ పుట్‌ల ఖర్చు పోయాక కూడా లాభం మిగులుతుంటే అది గట్టి విషయం. కానీ తెర పనిచేయకపోవడాన్ని లెక్కలోంచి తీసేయడం నాకు కుదరదు. అందరూ ఒకేసారి బయటికి పరిగెత్తినప్పుడే అది ఆగుతుంది. 2025 అక్టోబర్ 10న కూడా హెడ్జ్ చేసుకున్నవాళ్ల ఒక పక్క పొజిషన్‌ని ఎక్స్ఛేంజీలే బలవంతంగా మూసేశాయి, రెండో పక్కది ఒంటరిగా మిగిలింది. దాన్ని ట్రేడర్ తప్పు అనను, కానీ డబ్బు ఇచ్చినవాడికి అది రిస్కే.

ప్రీమియం_వేట: ఆ రోజు నాకు ఏమీ కాలేదు. అదెందుకు లెక్కలోకి రాదు?

మూర్తి_బందరు: వస్తుంది. ఒక్కసారికి వస్తుంది.

సిరి_లెక్కలు: అయితే రేషియోలు పక్కన పెట్టేయాలా?

మూర్తి_బందరు: ఒకే పద్ధతి వాడేవాళ్లని పోల్చడానికి పనికొస్తాయి. ఆప్షన్లు అమ్మేవాడినీ ట్రెండ్ వాడినీ ఒకే త్రాసులో వేస్తే, అమ్మేవాడు తుఫాను వచ్చేదాకా గెలుస్తాడు. కొత్త_ఖాతా గారూ, మీ స్నేహితుడిని ఒక్కటే అడగండి: ఈ రోజు తెరిచి ఉన్న పొజిషన్ల మీద, బిట్‌కాయిన్ రేపు 40 శాతం పడితే ఖాతాలో ఎంత మిగులుతుంది? 40 శాతం పెరిగితే ఎంత?

కొత్త_ఖాతా: అడిగాను. పెరిగితే ఎంత పోతుందో తనెప్పుడూ చూడలేదట, పడితే మూడో వంతు పోవచ్చని ఒక అంచనా చెప్పాడు. శనివారం ఇద్దరం కూర్చుని పొజిషన్లు ఒక్కొక్కటిగా వేసి చూస్తాం. అప్పటిదాకా లక్ష బ్యాంకులోనే ఉంటుంది.

ప్రీమియం_వేట: ఆయన దూరపు పుట్‌లు కొన్నాడా లేదా అన్నది ముందు అడగండి.